పేరాను విడదీస్తే బయటపడే ఖాళీలు

మన మెడికల్ కాలేజీల్లో ఎండీ, ఎంఎస్ చేసే ప్రతి డాక్టరూ థీసిస్ రాయాల్సిందే. వార్డుల్లో తిరిగి, కేస్‌షీట్లు తిరగేసి, లెక్కలు కట్టించి, వందపేజీల పుస్తకం తయారుచేస్తారు. అందులోంచి ఓ వ్యాసం తీసి పత్రికకు పంపితే ఎడిటర్ దగ్గర్నుంచి తరచూ వచ్చే మొదటి జవాబు ఇది: ‘సారాంశం ఒకే పేరాగా ఉంది. నేపథ్యం, పద్ధతులు, ఫలితాలు, నిర్ధారణ అనే శీర్షికలతో మళ్లీ పంపండి.’

అప్పుడు చాలామంది ఏంచేస్తారంటే, ఆ పేరాను నాలుగు ముక్కలు చేసి ముక్కకో శీర్షిక తగిలించి అదే రోజు సాయంత్రం తిప్పి పంపేస్తారు. అది మళ్లీ వెనక్కి వస్తుంది. శీర్షికలు పెట్టగానే పేరాలో ఏయే సంగతులు లేవో కొట్టొచ్చినట్టు కనబడతాయి కాబట్టి వస్తుంది. అసలు పని ఆ లేని సంగతుల్ని వ్యాసంలోంచి వెతికి తెచ్చి పెట్టడం. ముక్కలు చేయడం అందులో మొదటి మెట్టు మాత్రమే.

ఈ శీర్షికల ఏర్పాటు వెనక ఒక కారణం ఉంది. 1987లో కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీకి చెందిన బ్రయాన్ హేన్స్ తదితరులు ‘ఆనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్’ పత్రికలో ఒక ప్రతిపాదన ప్రచురించారు. తీరిక లేని డాక్టరు ముందుగా చూసేది సారాంశమే, చాలాసార్లు అంతటితోనే ఆగిపోతాడు. ఆ కాస్త చదివి ఈ పరిశోధన తన రోగులకు వర్తిస్తుందో లేదో, నమ్మదగ్గదో కాదో అతను తేల్చుకోగలగాలి. పేరాగా రాసిన సారాంశాల్లో అందుకు కావలసిన సమాచారం దొరకడం లేదు కాబట్టి, ఏ సంగతి ఎక్కడ ఉండాలో ముందే నిర్ణయించి రాయించాలన్నది వాళ్ల వాదన. వైద్య పత్రికలు ఒకటొకటిగా ఆ దారి పట్టాయి. ఎన్ని శీర్షికలు ఉండాలి, వాటిని ఏమని పిలవాలి అన్నది పత్రికను బట్టి మారుతుంది. వాడుకలో ఎక్కువగా కనిపించేవి ఈ నాలుగే.

ఈ పని ఎలా జరుగుతుందో ఒక నిజమైన పరిశోధన మీద చూద్దాం. క్షయకు స్ట్రెప్టోమైసిన్ పనిచేస్తుందా అని బ్రిటన్‌లో మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ చేయించిన ట్రయల్ ఇది. 1948 అక్టోబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. ఏ రోగికి ఏ చికిత్స అన్నది డాక్టరు ఇష్టానికి వదలకుండా యాదృచ్ఛిక సంఖ్యలతో తేల్చినందుకు వైద్య చరిత్రలో దీనికి పెద్ద పేరుంది. ఆ పద్ధతిని రూపొందించినవారు గణాంకవేత్త ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్. శీర్షికల సారాంశం అప్పటికింకా పుట్టనే లేదు. ఇదే పరిశోధన ఇప్పటి మన కుర్ర డాక్టరు ఎవరైనా చేసి, అలవాటైన ధోరణిలో సారాంశం రాస్తే ఎలా ఉంటుందో ఊహించి నేనే ఒక పేరా కూర్చాను.

‘క్షయ అనాదిగా మానవాళిని పీడిస్తున్న వ్యాధి. బ్రిటన్‌లో ఏటా వేలమంది దీనికి బలవుతున్నారు. విశ్రాంతి, మంచి ఆహారం, ఊపిరితిత్తిని కుదించే చికిత్స తప్ప ఇంతవరకు వైద్యుల చేతిలో మరో సాధనం లేదు. ఇటీవల అమెరికాలో కనుగొన్న స్ట్రెప్టోమైసిన్ గురించి ఆశాజనకమైన వార్తలు వస్తున్నాయి. ఈ నేపథ్యంలో పలు ఆసుపత్రుల్లో తీవ్రమైన ఊపిరితిత్తుల క్షయ ఉన్న రోగులపై ఈ మందును పరీక్షించడం జరిగింది. కొందరికి మందు ఇచ్చి, మరికొందరిని విశ్రాంతి మీదే ఉంచి ఎక్స్‌రేలతో గమనించగా మందు తీసుకున్నవారిలో చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించింది. మరణాలు కూడా గణనీయంగా తగ్గాయి. కొందరిలో తల తిరగడం వంటి ఇబ్బందులు తలెత్తాయి. కొన్ని కేసుల్లో మందుకు లొంగని క్రిములు కనిపించాయి. స్ట్రెప్టోమైసిన్ క్షయ చికిత్సలో కొత్త శకానికి నాంది పలికిందని, దీన్ని రోగులందరికీ అందుబాటులోకి తేవాలని భావిస్తున్నాం.’

చదవడానికి హాయిగానే ఉంది. ఒక్క అబద్ధమూ లేదు. ఇప్పుడు పెన్సిలు తీసుకుని ఒక్కో వాక్యం పక్కన అది ఏ శీర్షిక కిందికి వస్తుందో గుర్తు పెట్టుకుంటూ పోదాం. మొదటి నాలుగు వాక్యాలూ నేపథ్యమే. అయిదోది పద్ధతి. ఆరోదాంట్లో సగం పద్ధతి, సగం ఫలితం. ‘గమనించగా’ దగ్గర ఒకటి అయిపోయి రెండోది మొదలవుతుంది. తెలుగులో ఇలా క్రియలను కలుపుకుంటూ పొడుగు వాక్యం అల్లడం సులువు కాబట్టి ఈ అతుకులు తరచూ కనబడతాయి. వాటిని అక్కడే కోయాలి. తర్వాతి మూడూ ఫలితాలు. చివరిది నిర్ధారణ.

లెక్క చూడండి. పది వాక్యాల్లో నాలుగు నేపథ్యానికే పోయాయి. పద్ధతికి దక్కింది ఒకటిన్నర. నిజానికి ఈ పరిశోధన గొప్పతనమంతా పద్ధతిలోనే ఉంది. ఎంతమంది రోగులు, ఏ వయసువాళ్లు, మందు ఎంత, ఎన్నాళ్లు, ఎవరికి మందు ఇవ్వాలో ఎవరు నిర్ణయించారు, ఎక్స్‌రే ఎవరు చూశారు? వీటిలో ఒక్కదానికీ పేరాలో జవాబు లేదు. ఫలితాల్లో ఒక్క అంకె లేదు. పేరాగా ఉన్నంతసేపూ వాక్యాల ఒరవడిలో పడి మనకిది తట్టదు. ‘పద్ధతులు’ అని రాసి దాని కింద ఆ ఒకటిన్నర వాక్యం పెట్టి చూడగానే తెలిసిపోతుంది.

ఇక్కణ్నుంచి సారాంశాన్ని పక్కనపెట్టి అసలు వ్యాసాన్ని ముందేసుకోవాలి. ఉన్న పేరానే అటూ ఇటూ మార్చడం వల్ల లేని సమాచారం పుట్టుకురాదు.

నేపథ్యంతో మొదలుపెడదాం. క్షయ పెద్ద జబ్బని వైద్య పత్రిక చదివేవాళ్లకు చెప్పనక్కర్లేదు. మొదటి రెండు వాక్యాలూ నిర్మొహమాటంగా కొట్టేయవచ్చు. నేపథ్యం కింద ఉండాల్సింది రెండే సంగతులు: ఇంతవరకు తెలియనిదేమిటి, దాన్ని తెలుసుకోవడానికి మనం అడిగిన ప్రశ్న ఏమిటి. ఇక్కడ తెలియనిది చాలా నిర్దిష్టమైన విషయం. ఈ రకం క్షయ కొందరిలో మందేదీ లేకుండానే నెమ్మదించవచ్చు, కొందరిలో వేగంగా ముదరవచ్చు. అందుకని మందు ఇచ్చిన పదిమందికి నయమైందంటే అది మందు మహిమో, జబ్బు తీరో చెప్పలేం. పక్కన మందు ఇవ్వని గుంపు ఒకటి ఉంటేనే తేలుతుంది. ఈ సంగతి చెబితే పరిశోధన ఎందుకు చేశారో పాఠకుడికి అర్థమవుతుంది. ‘ఆశాజనకమైన వార్తలు వస్తున్నాయి’ అంటే అర్థం కాదు.

తర్వాత పద్ధతులు. ఇక్కడ ఎక్కువసేపు ఆగాలి. ఏ రోగులన్నది ముందు చెప్పాలి. ‘తీవ్రమైన క్షయ’ అంటే సరిపోదు. ఈ ట్రయల్‌లో చేర్చుకున్నవాళ్లు 15 నుంచి 30 ఏళ్ల లోపువాళ్లు. జబ్బు ఈమధ్యే మొదలై, రెండు ఊపిరితిత్తుల్లోనూ వేగంగా ముదురుతూ ఉండాలి. క్షయ క్రిములు ఉన్నట్టు పరీక్షలో రుజువై ఉండాలి. ఊపిరితిత్తిని కుదించే చికిత్సకు వీలులేనివాళ్లై ఉండాలి. అంటే అప్పటికి విశ్రాంతి తప్ప వేరే దారి లేనివాళ్లు. ఇంత వివరం ఎందుకంటే, ఫలితం వీళ్లకే వర్తిస్తుంది. అరవై ఏళ్ల మనిషిలో ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగుతున్న క్షయ గురించి ఈ పరిశోధన ఏమీ చెప్పదు.

ఎవరికి మందు, ఎవరికి విశ్రాంతి అన్నది ఎలా నిర్ణయించారో చెప్పడం అంతకన్నా ముఖ్యం. యాదృచ్ఛిక సంఖ్యల పట్టికను బట్టి ముందే నిర్ణయించి, సీలువేసిన కవర్లలో పెట్టారు. రోగిని చేర్చుకున్నాకే కవరు విప్పేవారు. కాబట్టి ఏ డాక్టరూ, తెలిసో తెలియకో, కాస్త గట్టిగా ఉన్న రోగిని మందు గుంపులోకి నెట్టే వీలు లేకపోయింది. ‘కొందరికి, మరికొందరికి’ అన్న రెండు మాటల వెనక మన పేరా దాచేసింది ఈ సంగతినే. ఇలాంటి ట్రయల్స్ సారాంశాల్లో ఏయే అంశాలు తప్పకుండా చెప్పాలో 2008లో కన్సార్ట్ బృందం ఒక జాబితా ప్రచురించింది. రోగులను గుంపులుగా ఎలా పంచారన్నది అందులో ఒకటి.

ఇంకో ప్రశ్న, ఫలితాన్ని ఎవరు కొలిచారు? చావు విషయంలో అభిప్రాయభేదం ఉండదు. ఎక్స్‌రే అలా కాదు. ‘బాగా మెరుగుపడింది’ అనేది చూసేవాడి మనసును బట్టి కూడా ఉంటుంది. అందుకే ఆ ఫిల్ములను ముగ్గురు విడివిడిగా చూశారు, అది ఏ గుంపు రోగిదో వాళ్లకు తెలియకుండా చూశారు. సారాంశంలో ఇది ఒక్క వాక్యం. ఆ వాక్యం లేకపోతే ఎక్స్‌రే ఫలితానికి విలువ సగం పడిపోతుంది.

ఇక ఫలితాలు. ‘గణనీయంగా’, ‘చెప్పుకోదగ్గ’, ‘కొందరిలో’, ‘కొన్ని కేసుల్లో’ అన్న మాటలు ఎక్కడ కనబడితే అక్కడ గుండ్రం చుట్టి, వ్యాసంలో దాని వెనక ఉన్న అంకెను తీసుకొచ్చి పెట్టాలి. మరణాలు గణనీయంగా తగ్గాయంటే: ఆరు నెలల్లో మందు తీసుకున్న 55 మందిలో 4 చనిపోయారు, విశ్రాంతి మీద ఉన్న 52 మందిలో 14 మంది చనిపోయారు. శాతాల్లో 7, 27. శాతం ఒక్కటే ఇస్తే ఎంతమందిలో అన్నది తెలియదు కాబట్టి రెండూ ఇవ్వాలి. ఎక్స్‌రేలో బాగా మెరుగుపడినవాళ్లు 55లో 28, 52లో 4. ఈ రెండు వాక్యాలు చదివాక ‘గణనీయంగా’ అన్న మాట అక్కర్లేదని ఎవరికైనా తెలుస్తుంది.

ఇప్పుడు ‘కొన్ని కేసుల్లో మందుకు లొంగని క్రిములు’ అన్న వాక్యం దగ్గరకు వద్దాం. వ్యాసంలోకి వెళ్లి చూస్తే, పరీక్షించిన 41 మందిలో 35 మంది క్రిములు మందును తట్టుకునే శక్తి పెంచుకున్నాయి. అది ‘కొన్ని’ కాదు, నూటికి 85. రాసినవాళ్లకు మోసం చేసే ఉద్దేశం లేకపోవచ్చు. మంచి వార్త చెప్పే ఊపులో చెడ్డ వార్త చిన్నదైపోతుంది. అంకె పెట్టక తప్పని చోట ఆ చిన్నబుచ్చడం కుదరదు. ఈ శీర్షికల పద్ధతిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించేది ఇదే.

ఏడాది తిరిగేసరికి మందు గుంపులో మొత్తం 12 మంది, విశ్రాంతి గుంపులో 24 మంది చనిపోయారు. ఈ అంకెలను ఆరు నెలల అంకెల పక్కన పెట్టి తీసివేత చేసి చూడండి. మొదటి ఆరు నెలల్లో 4, 14. తర్వాతి ఆరు నెలల్లో 8, 10. మొదట్లో చూపినంత తేడా మందు తర్వాత చూపలేకపోయింది. ఆరు నెలల లెక్క ఒక్కటే సారాంశంలో పెట్టి ఊరుకుంటే అందులో తప్పు అంకె ఏదీ ఉండదు, కానీ చదివినవాళ్లు తప్పుగా అర్థం చేసుకుంటారు. కాబట్టి రెండూ ఉండాలి.

నిర్ధారణలో పైన ఫలితాల్లో లేనిది ఏదీ కొత్తగా రాకూడదు. మన పేరాలో చివరి వాక్యం రెండు పెద్ద మాటలు అంది. ‘కొత్త శకం’ అన్నదానికి పైన ఆధారం లేదు. ‘రోగులందరికీ’ అన్నదైతే పద్ధతుల్లో చెప్పినదానికే విరుద్ధం, చేర్చుకున్నదే ఒక రకం రోగుల్ని కదా. దీన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు. నిర్ధారణలోని ఒక్కో మాట మీద వేలుపెట్టి, దీనికి ఆధారం ఫలితాల్లో ఏ వాక్యం అని అడగాలి. వాక్యం చూపించలేకపోతే ఆ మాట తీసేయాలి.

ఇప్పుడు తిరగరాసిన సారాంశం:

నేపథ్యం: వేగంగా ముదిరే ఊపిరితిత్తుల క్షయ ఒక్కొక్కరిలో ఒక్కో తీరుగా నడుస్తుంది కాబట్టి, పోల్చిచూసే గుంపు లేకుండా స్ట్రెప్టోమైసిన్ ప్రభావాన్ని అంచనా వేయలేం. ఈ మందును విశ్రాంతితో కలిపి ఇస్తే, విశ్రాంతి ఒక్కటే ఇచ్చినదానికన్నా మేలు జరుగుతుందా అని పరీక్షించాం.

పద్ధతులు: క్రిమి పరీక్షలో రుజువై, ఈమధ్యే మొదలై రెండు ఊపిరితిత్తుల్లోనూ ముదురుతున్న క్షయ ఉండి, కుదింపు చికిత్సకు వీలులేని 15–30 ఏళ్ల రోగులు 107 మందిని 1947లో చేర్చుకున్నాం. యాదృచ్ఛిక సంఖ్యల ప్రకారం, సీలువేసిన కవర్ల ద్వారా రెండు గుంపులుగా పంచాం. 55 మందికి మంచం మీద విశ్రాంతితో పాటు రోజుకు 2 గ్రాముల స్ట్రెప్టోమైసిన్‌ను ఆరు గంటలకోసారి ఇంజెక్షన్‌గా నాలుగు నెలలు ఇచ్చాం. 52 మందికి విశ్రాంతి మాత్రమే. ఎక్స్‌రేలను రోగి ఏ గుంపువాడో తెలియని ముగ్గురు విడివిడిగా చూశారు.

ఫలితాలు: ఆరు నెలల్లో మందు గుంపులో 55 మందిలో 4 (7%), విశ్రాంతి గుంపులో 52 మందిలో 14 (27%) మంది చనిపోయారు. ఎక్స్‌రేలో బాగా మెరుగుపడినవారు 28 (51%), 4 (8%). ఏడాది చివరికి మరణాలు 12 (22%), 24 (46%). మందు గుంపులో పరీక్షించిన 41 మందిలో 35 మంది క్రిములకు మందును తట్టుకునే శక్తి పెరిగింది. మందు వల్ల ముఖ్యంగా కనిపించిన ఇబ్బంది తల తిరగడం.

నిర్ధారణ: ఈ రకం క్షయలో స్ట్రెప్టోమైసిన్ ఆరు నెలల్లో మరణాలను తగ్గించింది, ఎక్స్‌రేలో మెరుగుదల తెచ్చింది. చికిత్స పొందినవారిలో ఎక్కువమందిలో క్రిములు మందుకు లొంగకుండా పోవడం దీని ప్రయోజనానికి హద్దు కావచ్చు.

పాత పేరాకన్నా ఇది కొంచెం పొడుగైంది. అయినా పత్రికలు మామూలుగా ఇచ్చే 250, 300 మాటల హద్దు దాటలేదు. హద్దు దాటితే ముందు నేపథ్యంలో కోయండి, తర్వాత ‘చేయడం జరిగింది’, ‘గమనించడమైనది’ లాంటి తోకల్ని కోయండి. ‘పరీక్షించడం జరిగింది’ అన్నచోట ‘పరీక్షించాం’ అంటే చాలు. అంకెల జోలికి మాత్రం చివరిదాకా పోవద్దు.

తిరగరాయడం అయ్యాక ఇంకో పని మిగిలి ఉంటుంది. సారాంశంలోని ప్రతి అంకెనూ వ్యాసంలోని పట్టికలతో సరిచూడాలి. ఇది గుమస్తా పని అనుకుని వదిలేసేవాళ్లు ఎక్కువ. 1999లో రాయ్ పిట్కిన్ బృందం ఆరు పెద్ద వైద్య పత్రికల్లో ఈ విషయం పరిశీలించి ‘జామా’లో ప్రచురించింది. సారాంశంలో ఇచ్చిన సమాచారం లోపలి వ్యాసంతో పొసగకపోవడమో, అసలు వ్యాసంలోనే లేకపోవడమో ఒక్కో పత్రికలో 18 నుంచి 68 శాతం సారాంశాల్లో కనిపించింది. పేరున్న పత్రికల పరిస్థితే అది. రివ్యూయర్లు అడిగారని వ్యాసంలో లెక్క మార్చి, సారాంశంలో పాత లెక్క అలాగే వదిలేయడం ఇలాంటి తేడాలు రావడానికి ఒక దారి. అందుకని సరిచూసే పనిని, మార్పులన్నీ అయ్యాక, అచ్చుకు వెళ్లే చివరి ప్రతితోనే చేయాలి.

శీర్షికలు ఉన్నంత మాత్రాన నిర్ధారణ అదుపులో ఉంటుందన్న భరోసా కూడా లేదు. ప్రధాన ఫలితంలో గణాంకాల ప్రకారం తేడా తేలని 72 ట్రయల్స్‌ను ఇసబెల్ బూత్రాన్ బృందం పరిశీలించి 2010లో ‘జామా’లోనే ప్రచురించింది. వాటిలో 58 శాతం సారాంశాల నిర్ధారణలు ఫలితాన్ని ఉన్నదానికన్నా అనుకూలంగా చూపించే తీరులో రాసి ఉన్నాయి. వేలుపెట్టి అడిగే పరీక్ష అందుకే ఎవరికి వాళ్లు చేసుకోవాలి. వీలైతే పరిశోధనతో సంబంధం లేని తోటి డాక్టరుకు ఫలితాల భాగం ఒక్కటే ఇచ్చి, దీన్నిబట్టి నిర్ధారణ ఏమని రాస్తావని అడిగి చూడండి. ఆయన రాసింది, మీరు రాసింది బాగా వేరుగా ఉంటే మీది మళ్లీ చూసుకోవాలి.

మాటల హద్దు ముంచుకొచ్చినప్పుడు ముందు కత్తెర పడేది సాధారణంగా మందు పనిచేసిందన్న వాక్యం మీద కాదు, పనిచేయని చోటు చెప్పే వాక్యం మీద. పై సారాంశంలో అది 41 మందిలో 35 మంది వాక్యం. క్షయ చికిత్స తర్వాత నడిచింది ఆ వాక్యం చూపిన దిక్కులోనే. క్రిములు మందుకు అలవాటుపడకుండా ఆపడం ఎలా అన్న ప్రశ్న పట్టుకుని మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ వెంటనే మరో ట్రయల్ నడిపింది. స్ట్రెప్టోమైసిన్‌కు పాస్ అనే ఇంకో మందు జోడించి ఇస్తే, క్రిములు లొంగకుండా పోవడం బాగా తగ్గుతుందని 1950లో ప్రకటించింది. క్షయకు ఇప్పటికీ ఒక్క మందు కాకుండా మూడు నాలుగు మందులు కలిపి ఇస్తున్నది ఆ కారణంగానే.